మసీదు పాఠం ఎందుకంటే... తెలుగు తల్లిదండ్రులకు ఇంగ్లండ్ ఆర్.ఈ. టీచర్ ఉత్తరం

మా స్కూల్లో చదువుతున్న పిల్లల తెలుగు తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఇయర్ 9 పిల్లల్ని ఈ టర్మ్‌లో ఊళ్లోని మసీదుకు తీసుకెళ్తున్నామని స్కూలు నుంచి ఉత్తరం వెళ్లగానే మీలో కొందరు ఫోన్ చేశారు, కొందరు గేటు దగ్గర ఆపి అడిగారు. "మా వాడికి మన రామాయణమే సరిగ్గా రాదు, ఇస్లాం ఎందుకండీ?" అన్నారు ఒకమ్మ. గుంటూరు నుంచి వచ్చిన ఒక క్రైస్తవ కుటుంబం వాళ్లకు పోయిన ఏడాది గుడికి వెళ్లినప్పుడు ఇచ్చిన ప్రసాదం విషయం ఇంకా మనసులో ఉంది. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక ముస్లిం తండ్రి, వినాయకుడి పాఠం తమ పాపకు తప్పదా అని మర్యాదగానే అడిగారు. ముగ్గురూ అడిగింది ఒకటే: మా పిల్లలకు మాది కాని మతం ఎందుకు చెబుతున్నారు? గొడుగు పట్టుకుని గేటు దగ్గర రెండు నిమిషాల్లో తేలే విషయం కాదిది. స్కూలు పంపే ఇంగ్లీషు కాగితాల్లో ఇది ఉంటుంది గానీ, వాటిని చివరిదాకా చదివిన వాళ్లు నాకైతే కనబడలేదు. అందుకే తెలుగులో రాస్తున్నాను.

మనం పెరిగిన చోట మతం పీరియడ్ అంటే ఇలాంటిది కాదు. ఇండియాలో పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధన కూడదని రాజ్యాంగంలో 28వ అధికరణమే చెబుతుంది. అందుకని సర్కారు బడిలో ఈ సబ్జెక్టే ఉండదు. మనలో మిషనరీ స్కూళ్లలో చదివిన వాళ్లకు పొద్దున్నే ప్రేయర్, మోరల్ సైన్స్ గుర్తుంటాయి. అంటే స్కూల్లో మతం అనగానే మనకు తెలిసినవి రెండే: అసలు లేకపోవడం, లేదా ఆ స్కూలు వాళ్ల మతమే ఉండటం. ఇంగ్లండ్‌లోని ఆర్.ఈ., అంటే రెలిజియస్ ఎడ్యుకేషన్, ఈ రెంటిలో దేనికీ చెందదు కాబట్టి మనకు అనుమానం రావడం సహజమే.

ఇక్కడ 1944 చట్టంతోనే ప్రభుత్వ నిధులతో నడిచే స్కూళ్లలో మతం పాఠం తప్పనిసరి అయింది. అప్పట్లో అది చాలావరకు బైబిల్ పాఠమే. యుద్ధం తర్వాత పంజాబ్ నుంచి, గుజరాత్ నుంచి, పాకిస్తాన్ నుంచి, కరీబియన్ దీవుల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల పిల్లలు క్లాసుల్లోకి వచ్చాక ఆ పాఠం సరిపోలేదు. 1975లో బర్మింగ్‌హామ్ వాళ్లు అనేక మతాలతో సిలబస్ తెచ్చినప్పుడు పెద్ద రగడే అయింది. అందులో కమ్యూనిజం గురించి కూడా ఉండటం చాలామందికి మింగుడు పడలేదు. చివరికి 1988 చట్టం ఒక దారి చెప్పింది. ఈ దేశపు మత సంప్రదాయాలు ప్రధానంగా క్రైస్తవమే అన్న సంగతిని సిలబస్ ప్రతిఫలించాలి, ఇక్కడున్న మిగతా ముఖ్య మతాల బోధనల్నీ ఆచారాల్నీ కూడా పరిగణనలోకి తీసుకోవాలి. ఇప్పటికీ నడుస్తున్నది ఈ సూత్రమే. కాబట్టి మసీదు పాఠం నా సొంత ఇష్టమో హెడ్‌టీచర్ గారి ఫ్యాషనో కాదు. ఒకే మతం చెబుతామని మా స్కూలు అనుకున్నా చట్టం ఒప్పుకోదు. మతం పునాదిగా నడిచే స్కూళ్ల లెక్క వేరు. మాది మామూలు కౌన్సిల్ స్కూలు.

ఆ సిలబస్ ఎవరు రాస్తారన్నది మీలో చాలామందికి తెలియదు. లండన్‌లో ఏదో ఆఫీసు రాసి పంపుతుందనుకుంటారు. మిగతా సబ్జెక్టులకు జాతీయ కరిక్యులమ్ ఉంది గానీ ఆర్.ఈ. మాత్రం అందులో లేదు. దీన్ని ఏ కౌన్సిల్‌కు ఆ కౌన్సిల్ తయారుచేసుకుంటుంది. అందుకోసం ఒక సభ కూర్చుంటుంది, అందులో నాలుగు కమిటీలు. ఒకటి చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌ది, ఒకటి టీచర్ల సంఘాలది, ఒకటి కౌన్సిల్‌ది. మిగిలినది ఇతర క్రైస్తవ శాఖలూ హిందూ, ముస్లిం, సిక్కు, యూదు, బౌద్ధ మతాల ప్రతినిధులూ కలిసి కూర్చునేది. ఒక్కో కమిటీకి ఒక్క ఓటు. నాలుగూ ఒప్పుకుంటేనే సిలబస్ పాసవుతుంది, ఒక్కటి కాదన్నా ఆగిపోతుంది. అయిదేళ్లకోసారి మళ్లీ సమీక్ష. ఈ పద్ధతి చాలా నిదానం, కొన్నిసార్లు విసుగు కూడా. కానీ ఇలా కూర్చున్న చోట ఎవరూ తమ మతాన్ని ప్రచారం చేసే పాఠం రాయించుకోలేరు, పక్కవాళ్ల మతాన్ని కించపరిచే వాక్యమూ పెట్టించలేరు.

"ఎవరి మతం వాళ్ల పిల్లలకు చెబితే పోలా?" అని అడిగిన వాళ్లకు ఒక లెక్క చెప్పాలి. 2021 జనగణనలో ఇంగ్లండ్, వేల్స్ కలిపి తాము క్రైస్తవులమన్నవాళ్లు 46.2 శాతం, ఏ మతమూ లేదన్నవాళ్లు 37.2 శాతం, ముస్లింలు 6.5 శాతం, హిందువులు 1.7 శాతం. ముప్ఫై మంది ఉన్న క్లాసులో ఈ లెక్కన హిందూ పిల్లవాడు ఒక్కడు కూడా నిండుగా రాడు. ఎవరిది వాళ్లకే అన్న నియమం పెడితే మీ అబ్బాయి పక్కన కూర్చునే మిగతా పిల్లలకు వాడి ఇంట్లో దేవుడి గూడు ఎందుకుందో తెలిసే అవకాశమే ఉండదు. బొట్టు పెట్టుకొచ్చిన పాపను "ఆ ఎర్రచుక్క ఏంటి?" అని వెక్కిరించిన సంగతి నాకు చెప్పింది మీరే. ఆ వెక్కిరింపుకు జవాబు ఆర్.ఈ. క్లాసులోనే దొరకాలని అడుగుతున్నప్పుడు, ఆ క్లాసులో మీవాళ్లు కూడా పక్కవాళ్ల గురించి వినాల్సి ఉంటుంది. మతం లేని కుటుంబాల పిల్లలకూ ఇందులో వాటా ఉంది. 2015లో కొన్ని హ్యూమనిస్టు కుటుంబాలు కోర్టుకెళ్తే, మతం లేని జీవన దృక్పథాల్ని పక్కనపెట్టి ఆర్.ఈ. పూర్తయిందనడం కుదరదన్న అర్థంలో తీర్పు వచ్చింది. అందుకే మా సిలబస్‌లో దేవుణ్ని నమ్మనివాళ్ల పాఠం కూడా ఉంది. దాని మీద మాత్రం ఇంతవరకూ ఎవరూ ఫోన్ చేయలేదు, ఎందుకో మరి!

ఇప్పుడు అసలు భయం సంగతి. పిల్లలు ఇంకో మతం గురించి వింటే అటు లాగేస్తారేమోనని. క్లాసులో మేం మాట్లాడే తీరు చూస్తే ఆ టెన్షన్ చాలావరకు తగ్గుతుంది. "దేవుడు ఒక్కడే" అని బోర్డు మీద ఎప్పుడూ రాయం. "దేవుడు ఒక్కడేనని ముస్లింలు నమ్ముతారు, దాన్ని తౌహీద్ అంటారు" అని రాస్తాం. "యేసు మూడో రోజు లేచాడు" అని ఉండదు, "క్రైస్తవులు అలా నమ్ముతారు" అని ఉంటుంది. ఎవరు నమ్ముతారో చెప్పకుండా రాసిన వాక్యాన్ని పిల్లల నోట్‌బుక్‌లో దిద్ది మళ్లీ రాయిస్తాం. పూజ చేసినట్టో నమాజు చేసినట్టో క్లాసులో నటింపజేయం. మీరు ఎప్పుడైనా నోట్‌బుక్ తెరిచి చూసి, ఇలా లేని వాక్యం కనబడితే నాకు చూపించండి.

ఇందులో ఇంకో అడుగు ఉంది, అది నాకు మరీ ముఖ్యం. "ముస్లింలు" అన్నా "హిందువులు" అన్నా అందరూ ఒకేలా ఉండరని చెప్పడం. ఇక్కడి పుస్తకాల్లో దీపావళి అంటే రాముడు సీతతో అయోధ్యకు తిరిగొచ్చిన రోజు. ఒక తెలుగు పాప చెయ్యెత్తి, "మా అమ్మమ్మ నరకాసురుడి కథ చెప్పింది, సత్యభామ చంపింది కదా, పుస్తకం తప్పా?" అని అడిగింది. పుస్తకం తప్పు కాదు, అమ్మమ్మదీ తప్పు కాదు. ఉత్తరాన ఎక్కువగా చెప్పుకునేది రాముడి కథ, మన వైపు నరకాసురుడి కథ. ఆ రోజు క్లాసంతా ఆ పాప దగ్గరే నేర్చుకుంది. ఒక మతం లోపలే ఇన్ని ఉన్నప్పుడు, "మా మతం ఒక్కటే చెప్పండి" అంటే అందులో ఎవరి ఇంటిది చెప్పాలన్న ప్రశ్న కూడా వస్తుంది.

ఇస్లాం పాఠంలోనూ ఇదే జరిగింది. సున్నీలకు ఆరు విశ్వాస సూత్రాలు, షియాలకు అయిదు మూలాలు అని పక్కపక్కన ఒక పట్టిక ఉంటుంది. పిల్లలకు అది బట్టీ పట్టాల్సిన రెండు వరసలే. క్రీస్తుశకం 680లో కర్బలాలో ప్రవక్త మనవడు హుస్సేన్ చనిపోయిన కథ చెప్పి, ఆ దుఃఖాన్నే ఏటా మొహర్రంలో తలుచుకుంటారని అన్నప్పుడు, అనంతపురం నుంచి వచ్చిన ఒక అబ్బాయికి తళుక్కుమంది. "సార్, మా ఊళ్లో పీర్ల పండగ అంటారు, గుండం తొక్కుతారు, మా తాత పీరు ఎత్తుకుంటాడు, మేం హిందువులమే" అన్నాడు. గూగూడు కుళ్లాయిస్వామి దగ్గరికి వెళ్లిన వాళ్లు మీలో ఉండే ఉంటారు. ఆ అబ్బాయికి కర్బలా ఎక్కడో ఎడారి కథ కాకుండా పోయింది. క్లాసులోని ఇద్దరు ముస్లిం పిల్లలు మాత్రం తమ ఇళ్లలో పీర్లను ఒప్పుకోరని చెప్పారు. అదీ నిజమే, చాలామంది ముస్లింలకు అది తమ మతంలో భాగం కాదు. ఇవన్నీ ఒక్క పీరియడ్‌లో బయటికొచ్చాయి. గూగూడు మీద పరీక్షలో ప్రశ్న రాదు. కానీ సున్నీ, షియా తేడాను ఆ క్లాసులో మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

మార్కులంటే మనవాళ్లకు ఎక్కువ పట్టింపు కదా, కాబట్టి జీసీఎస్ఈ సంగతి కాస్త వివరంగా రాస్తాను. ఇయర్ 10 నుంచి మా స్కూల్లో అందరూ రెలిజియస్ స్టడీస్ జీసీఎస్ఈ కోర్సు చదివి, పదహారేళ్లకు ఆ పరీక్ష రాస్తారు. 2016లో మొదలైన కోర్సు ప్రకారం రెండు మతాలు చదవడం తప్పనిసరి, ఒక్క మతంతో పరీక్ష లేదు. మా స్కూలు ఎంచుకున్నవి క్రైస్తవం, ఇస్లాం. ఇంగ్లండ్‌లో చాలా స్కూళ్లు ఎంచుకునే జంట ఇదే. హిందూమతం ఎంచుకునే వీలు ఉంది గానీ, దాన్ని పదహారేళ్ల స్థాయిలో చెప్పగలిగే టీచర్లు, పుస్తకాలు, పాత పేపర్లు తక్కువ. మీ అసంతృప్తి నాకు అర్థమవుతుంది, నాకూ కొంత ఉంది. అందుకే ఇయర్ 7 నుంచి 9 వరకు హిందూ, సిక్కు, బౌద్ధ, యూదు మతాలకు సిలబస్‌లో ఎంత చోటు ఉందో అంతా వాడుకుంటున్నాం.

పరీక్షలో ప్రతి భాగం చివర 12 మార్కుల ప్రశ్న ఒకటి ఉంటుంది. ఒక వాక్యం ఇచ్చి దాన్ని బేరీజు వేయమంటారు. మన పిల్లలు బోల్తా పడేది ఇక్కడే. ఉదాహరణకు "ముస్లింలకు నమాజు కన్నా జకాత్ ముఖ్యం" అన్న వాక్యం ఇచ్చాననుకోండి. మాక్ పరీక్షలో ఒక తెలుగు అబ్బాయి దీనికి పేజీన్నర రాశాడు. ఆకలితో ఉన్నవాడికి అన్నం పెట్టడం కన్నా గొప్ప ప్రార్థన లేదు, మానవ సేవే మాధవ సేవ, దేవుడికి మన పొగడ్తలు అక్కర్లేదు. చదవడానికి చక్కగా ఉంది, ఇంగ్లీషు కూడా బాగుంది. వచ్చింది 5 మార్కులు. వాళ్ల నాన్నగారు ఇది అన్యాయమన్నారు.

అన్యాయం కాదు. ఒకే పక్షాన నిలబడి ఎంత బాగా వాదించినా 6 దాటనివ్వకూడదని మార్కింగ్ పద్ధతిలోనే ఉంది. పైగా ఆ పేజీన్నరలో ఒక ముస్లిం ఇలా ఎందుకు అనుకుంటాడో ఒక్క ముక్క లేదు. అదే అబ్బాయి చేత మళ్లీ రాయించాం. ముందు వాక్యానికి అనుకూలంగా: జకాత్ అంటే ఏడాది పొడవునా తన దగ్గర నిలిచిన పొదుపు ఒక హద్దు దాటితే అందులో 2.5 శాతం ఇవ్వడం. ఇది దానం కన్నా బాధ్యత లాంటిది, పేదవాడి హక్కుగా చూస్తారు. నమాజు ఫలం చేసినవాడికైతే జకాత్ ఫలం ఊరందరికీ. షియాలు దీనికి తోడు మిగులు మీద ఖుమ్స్ పేరుతో అయిదో వంతు ఇస్తారు. తర్వాత వ్యతిరేకంగా: నమాజు రోజుకు అయిదు పూటలు, జకాత్ ఏడాదికోసారి. డబ్బు లేనివాడికి జకాత్ లేదు, నమాజు మాత్రం ఉన్నవాడికీ లేనివాడికీ ఉంది. దేవుణ్ని రోజూ తలుచుకోనివాడికి ఇవ్వాలన్న బుద్ధి ఎక్కడి నుంచి వస్తుందని కూడా ముస్లింలు అడుగుతారు. ఆఖర్న తీర్పు: ఖురాన్ ఈ రెంటినీ చాలాచోట్ల కలిపే చెబుతుంది కాబట్టి విడదీసి పోటీ పెట్టడం కష్టం, కానీ అందరికీ వర్తించేది నమాజే గనుక వాక్యం పూర్తిగా నిలవదు. ఈసారి పేజీ కూడా నిండలేదు, 11 మార్కులు వచ్చాయి. మానవ సేవే మాధవ సేవ అన్న మాట ఈసారి కూడా ఉంది, కానీ ఒక ముస్లిం వాదనకు పోలికగా ఒక్క లైనులో.

ఇందులో ఆ అబ్బాయి నమ్మకం ఒక్క పిసరు కూడా మారలేదు. తనకు నచ్చని పక్షాన్ని ఆ పక్షం వాడే ఒప్పుకునేలా చెప్పడం నేర్చుకున్నాడు. ఇంట్లో ఒకే మతం గురించి ఎంత బాగా నేర్పించినా ఈ పని రాదు, ఎందుకంటే దానికి రెండో పక్షం కావాలి.

ఇక ప్రసాదం మాట. గుంటూరు కుటుంబం అడిగింది సరైన ప్రశ్నే. విగ్రహాలకు పెట్టినదాన్ని తినవచ్చా అన్న మాట పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోనే ఉంది, 8, 10 అధ్యాయాల్లో. దాన్ని క్రైస్తవులు ఒక్కో సంఘంలో ఒక్కోలా పాటిస్తారు. మా నియమం ఇది. ఏ గుడికి వెళ్లినా పిల్లలు చూస్తారు, అడుగుతారు, రాసుకుంటారు. ఆరాధనలో పాల్గొనరు. చెప్పులు విడవడం, గురుద్వారాలో తల కప్పుకోవడం మర్యాద కోసం. మందిరంలో ప్రసాదం, గురుద్వారాలో కడా ప్రసాద్ ఇస్తారని, అది ఆరాధనలో భాగంగా ఇచ్చేదని బస్సు ఎక్కకముందే చెబుతాం. వద్దనుకునే వాళ్లు చేతులు జోడించి "నో థాంక్యూ" అంటే చాలు. అక్కడి పెద్దలకు కూడా ముందే చెప్పి ఉంచుతాం, వాళ్లెవరూ ఏమీ అనుకోరు. గురుద్వారాలో లంగర్ భోజనం వేరు, అది వచ్చినవాళ్లందరికీ పెట్టే అన్నం. అయినా అదీ మీ ఇష్టమే. మసీదులో పిల్లలు వెనక వరసలో కూర్చుంటారు, ఎవరి చేతా ఏ వాక్యమూ పలికించరు. ఈ మాటలు పర్మిషన్ కాగితంలో తెలుగులో కూడా ఈసారి జతచేశాను.

ఇంత చెప్పాక కూడా వద్దనిపిస్తే, ఆ హక్కు మీకుంది. 1998 చట్టం ప్రకారం తల్లిదండ్రులు పిల్లల్ని ఆర్.ఈ. నుంచి పూర్తిగా గానీ, కొంతభాగం నుంచి గానీ తప్పించవచ్చు. కారణం చెప్పనక్కర్లేదు. హెడ్‌టీచర్‌కు రాస్తే చాలు, స్కూలు కాదనలేదు. ఆ గంటలో పిల్లల్ని చూసుకునే బాధ్యత స్కూలుదే, కానీ వేరే పాఠం చెప్పాల్సిన పని లేదు. సాధారణంగా లైబ్రరీలో కూర్చుంటారు. రెండు సంగతులు మాత్రం ముందే తెలుసుకోండి. ఈ హక్కు ఆర్.ఈ. వరకే. హిస్టరీలో క్రూసేడ్‌లు వచ్చినా, ఇంగ్లీషులో బైబిల్ ప్రస్తావన వచ్చినా, ఆర్ట్‌లో ఇస్లామిక్ నమూనాలు వచ్చినా అక్కడ తప్పించడం కుదరదు. రెండోది, ఇస్లాం పాఠాలు మాత్రమే వదిలేసి జీసీఎస్ఈ రాయిస్తానంటే పరీక్షలో ఆ భాగం మొత్తం ఖాళీ. ఒకవేళ మసీదు యాత్ర ఒక్కటే వద్దనుకుంటే ఆ ముక్కే రాయండి, పాఠం అంతా మాన్పించకండి. ఆ రోజు స్కూల్లోనే ఉండే పిల్లలకు నేను ఫోటోలతో అదే పాఠం చెబుతాను.

మీరు నిర్ణయం తీసుకునే ముందు ఒకసారి వచ్చి చూడండి. ఇయర్ 9 పాఠాల ప్లాన్, మసీదు వాళ్లు పంపిన కార్యక్రమం కాగితం, ఆ రోజు పిల్లలు నింపే ప్రశ్నల షీటు నా డెస్క్ మీద ఉంటాయి. గురువారం స్కూలు వదిలాక నా క్లాస్‌రూమ్ తెరిచే ఉంటుంది. తాతయ్య, నాయనమ్మ ఇక్కడ ఉంటే వాళ్లనీ తీసుకురండి, ఇంగ్లీషు రాకపోయినా ఫర్వాలేదు.

ఇంకొక్క మాట. మా కౌన్సిల్ ఆర్.ఈ. సలహా మండలిలో హిందూ ప్రతినిధి కుర్చీ ఖాళీగా ఉంది. సిలబస్ సమీక్ష వచ్చే ఏడాది. దీపావళి పాఠంలో నరకాసురుడు కూడా ఉండాలనుకునే వాళ్లెవరైనా ఆ కుర్చీలో కూర్చోవచ్చు. ముస్లిం, క్రైస్తవ కుటుంబాల వాళ్లు కూడా తమ తమ సంఘాల ద్వారా అడగవచ్చు. ఆ సమావేశాలకు ఎవరైనా వెళ్లి వినవచ్చు, తేదీలు కౌన్సిల్ నోటీసు బోర్డులో ఉంటాయి. పేరు ఇచ్చేవాళ్లు నాకు చెబితే ఎవరికి రాయాలో చెబుతాను.

ఇట్లు,
మీ పిల్లల ఆర్.ఈ. టీచర్